బటన్ మీద ఏం రాయాలి?

2007 డిసెంబరులో బరాక్ ఒబామా ఎన్నికల వెబ్‌సైట్‌లో ఒక పరీక్ష జరిగింది. వచ్చినవాళ్ల ఈమెయిల్ చిరునామాలు సేకరించడమే ఆ పేజీ పని. బటన్ మీద ‘సైన్ అప్’ అని ఉండేది. డాన్ సిరోకర్ బృందం నాలుగు రకాల బటన్లను, ఆరు రకాల ఫొటోలు, వీడియోలను కలిపి 24 జతలు తయారుచేసి, ఏ జత ఎవరికి కనబడాలన్నది లాటరీకి వదిలేసింది.

బృందంలో చాలామంది వీడియోలే నెగ్గుతాయనుకున్నారు. నెగ్గింది ఒబామా కుటుంబం ఫొటో, దానికింద ‘లర్న్ మోర్’ అంటే ‘మరింత తెలుసుకోండి’ అన్న బటన్. పేరిచ్చేవాళ్లు వందకు 8.26 నుంచి 11.6కు పెరిగారు. ఇందులో ఫొటో వాటా కూడా ఉంది కాబట్టి ఘనతంతా బటన్‌కే కట్టబెట్టలేం. అయితే మిగతా మూడు బటన్లూ ‘చేరండి’ అనే అడిగాయి. అభ్యర్థి గురించి ఇంకా తెలుసుకుంటున్న మనిషికి చేరమనడం తొందరపాటే.

మరి కొనడానికి సిద్ధపడి వచ్చినవాళ్ల సంగతో? అమెరికాలోని ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం కథను జారెడ్ స్పూల్ 2009లో రాశారు, దుకాణం పేరు చెప్పకుండా. సరుకు బుట్టలో వేసుకుని డబ్బు కట్టబోయే వేళ ‘రిజిస్టర్’ బటన్ అడ్డొచ్చేది. కొత్తవాళ్లకు అది చిరాకు. పాతవాళ్లకేమో ఏ ఈమెయిల్, ఏ పాస్‌వర్డ్ ఇచ్చారో గుర్తుండేది కాదు. ఆ మాట తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టారు. కొనడానికి ఖాతా అక్కర్లేదని పక్కనే ఒక వాక్యం రాశారు. కొన్నవాళ్లు 45 శాతం పెరిగారు. మాట మారడంతో పాటు ఖాతా తెరవాలన్న షరతు కూడా పోయింది. అది పోకుండా ‘కంటిన్యూ’ అని ఉంటే మోసమే అయ్యేది.

యాప్‌ల దగ్గర ఈ పేచీ బాహాటంగానే వచ్చింది. ఉచితమని దింపుకున్న ఆటలు లోపల డబ్బు అడుగుతున్నాయని ఐరోపాలో అభ్యంతరాలు లేచాయి. 2014 నవంబరులో ఆపిల్ తన యాప్ స్టోర్ బటన్ మీద ‘ఫ్రీ’ తీసేసి ‘గెట్’ అని పెట్టింది.

దుకాణానికి రప్పించడం వేరే లెక్క. అక్కడ కొనుగోలుదారు వేలితో నొక్కితే సరిపోదు, చెప్పులేసుకుని బయల్దేరాలి. ‘నేడే విచ్చేయండి’ అన్న మాట వినసొంపుగానే ఉంటుంది గానీ, దారి చెప్పదు. ఫోన్‌లో కనబడే ప్రకటనకు ‘దారి చూడండి’ అన్న బటన్ నయం. పక్కన గుర్తుపట్టే చోటు, రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో రాస్తే ఇంకా నయం. పత్రికలో అయితే ‘ఈ కాగితం తెస్తే కుట్టుకూలి ఉచితం’ లాంటిది పనిచేస్తుంది, వచ్చిన కాగితాలు లెక్కపెట్టుకోవచ్చు కూడా.

దారి చూసినవాళ్లందరూ గడప తొక్కరు. అందుకని ప్రకటన ఇచ్చే వ్యాపారులు బటన్ నొక్కుళ్లను చూసి మురిసిపోకుండా, కౌంటర్ దగ్గర ‘ఎక్కడ చూసి వచ్చారండీ?’ అని ఒక్క మాట అడిగి రాసిపెట్టుకోవాలి.