షిఫ్టు నోట్ దిద్దేటప్పుడు

ఒక బట్టల షాపు మేనేజరు స్టాఫ్ గదిలో అంటించడానికి రాసిన నోట్ అనుకుని ఇది చదవండి.

"ఈ నెల నుంచి షిఫ్టులు మారింది. పొద్దున షిఫ్టు 9 నుంచి 5, సాయంత్రం షిఫ్టు 1 నుంచి 9. రెండు రోజుల ముందు షిఫ్టు మార్చుకోవాలనుకునేవాళ్ళు చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదురుతుంది. నాకు మాత్రమే చెప్పి మార్చుకోవాలి. పోయిన వారం బిల్లింగ్ అమ్మాయిలు ఇద్దరు చెప్పకుండా మార్చుకుంది, కౌంటర్ ఖాళీగా ఉంది గంటసేపు. నేను లేనప్పుడు సూపర్‌వైజర్ గారు చూస్తాడు. ఆదివారం ఒప్పుకున్న షిఫ్టు మళ్ళీ మార్చుకోవడం కుదరదు."

విషయం దాదాపు అర్థమవుతూనే ఉంది. దిద్దేవాళ్ళకి అసలు చిక్కు అక్కడే. అంతా తిరగరాస్తే అది మేనేజరు నోట్ కాకుండా పోతుంది. ఏమీ ముట్టుకోకపోతే ఎవరో ఒకరు తప్పు రోజున షాపుకి వస్తారు.

ముందు క్రియలు చూద్దాం. ఇలాంటి నోట్లలో చాలా వాక్యాలు 'చెప్పాలి', 'మార్చుకోవాలి' అనే ముగుస్తాయి. నేను చెప్పాలి, మీరు చెప్పాలి, వాళ్ళు చెప్పాలి: కర్త ఎవరైనా ఈ క్రియల రూపం మారదు కాబట్టి అక్కడ పొత్తు తప్పే అవకాశమే లేదు. జరిగినదో జరగబోయేదో చెప్పే వాక్యాల్లోనే తప్పు బయటపడుతుంది. అందుకే దిద్దేటప్పుడు నా కళ్ళు ముందు వాటి మీదికే పోతాయి.

'షిఫ్టులు' బహువచనం, మనుషులు కారు, కాబట్టి 'మారాయి'. అమ్మాయి ఒక్కతే అయితే 'మార్చుకుంది' సరిపోయేది. ఆడవాళ్ళకి ఏకవచనంలో క్రియ వస్తువులకి వచ్చినట్టే వస్తుంది. బహువచనంలోకి వెళ్ళగానే మగవాళ్ళతో కలిసి 'మార్చుకున్నారు' అవుతుంది. ఈ తప్పు తెలియక చేసేది చాలా అరుదు. ముందు ఒక్క అమ్మాయి గురించే రాసి, రెండో అమ్మాయి గుర్తొచ్చి పేరు దగ్గర మార్చి, వాక్యం చివరిదాకా వెళ్ళకపోతే ఇలా అవుతుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది కదా, కర్తను దిద్దిన చేయి అంతదూరం వెళ్ళాలి. ఇక 'గారు' అన్నాక 'చూస్తాడు' అంటే ఇచ్చిన మర్యాద వెనక్కి తీసుకున్నట్టు ఉంటుంది. అక్కడ 'చూస్తారు' ఉండాలి.

మాటల వరుస ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన పని. 'రెండు రోజుల ముందు' అన్నది 'మార్చుకోవాలనుకునేవాళ్ళు' పక్కన ఉండడం వల్ల, రెండు రోజుల ముందే మార్చుకోవాలనుకున్నవాళ్ళు అనే అర్థం కూడా వస్తోంది. దాన్ని 'చెప్పాలి' పక్కకి జరిపితే చాలు.

'నాకు మాత్రమే చెప్పి' అన్న వాక్యంలో మేనేజరుకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని ఉంది. ఆ పైవాక్యమేమో ఇద్దరూ ఒప్పుకోవాలంటోంది. చెప్పకుండా ఎలా ఒప్పుకుంటారు? కాబట్టి ఆయన అనుకున్నది 'నాకు చెప్పి మాత్రమే' అని నోటే చెబుతోంది. ఒక్క మాట స్థానం మారింది, కొత్త మాటేమీ చేరలేదు. నోట్‌లోనే ఇలా ఆధారం దొరికినప్పుడు ధైర్యంగా దిద్దవచ్చు.

'కౌంటర్ ఖాళీగా ఉంది గంటసేపు' మాత్రం నేను అలాగే ఉంచుతాను. వ్యాకరణం పుస్తకం చూసేవాళ్ళు 'గంటసేపు'ని ముందుకి తెస్తారు. కానీ మాట్లాడేటప్పుడు మనం అలాగే అంటాం, అర్థంలో తేడా రాదు, పైగా ఆ గంటసేపు ఆయన పడ్డ ఇబ్బంది అందులో వినిపిస్తోంది.

ఆఖరి వాక్యం ఎవరూ సొంతంగా దిద్దకూడదు. ఆదివారం నాడు ఒప్పుకున్న షిఫ్టా, ఒప్పుకున్న ఆదివారం షిఫ్టా? నోట్‌లో దీనికి ఆధారం లేదు. ఆదివారం గిరాకీ ఎక్కువ కాబట్టి రెండోదే అయి ఉంటుందని ఊహించడం తేలికే. ఆ ఊహ తప్పయితే జీతం కోత పడేది మాత్రం ఉద్యోగికి. మేనేజరుని అడగాలి. ఆయన 'ఆ రోజు షిఫ్టు గురించే' అంటే నోట్ ఇలా గోడకెక్కుతుంది:

"ఈ నెల నుంచి షిఫ్టులు మారాయి. పొద్దున షిఫ్టు 9 నుంచి 5, సాయంత్రం షిఫ్టు 1 నుంచి 9. షిఫ్టు మార్చుకోవాలనుకునేవాళ్ళు రెండు రోజుల ముందు చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదురుతుంది. నాకు చెప్పి మాత్రమే మార్చుకోవాలి. పోయిన వారం బిల్లింగ్ అమ్మాయిలు ఇద్దరు చెప్పకుండా మార్చుకున్నారు, కౌంటర్ ఖాళీగా ఉంది గంటసేపు. నేను లేనప్పుడు సూపర్‌వైజర్ గారు చూస్తారు. ఒప్పుకున్న ఆదివారం షిఫ్టు మళ్ళీ మార్చుకోవడం కుదరదు."