మళ్లీ అదే కార్డు

‘అతను తిరిగొస్తాడా?’ ఒక అమ్మాయి అయిదు రోజులుగా రోజూ మూడేసి టారో కార్డులు తీసి ఇదే ప్రశ్న అడుగుతోందనుకుందాం. మూడు రోజులు ‘టూ ఆఫ్ స్వోర్డ్స్’ వచ్చింది. 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలో కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ, రెండు కత్తులను గుండెల మీద అడ్డంగా పట్టుకుని సముద్రం ముందు కూర్చుని ఉంటుంది.

టారో చెప్పేవాళ్లు ఇలా వెంటపడే కార్డును ‘స్టాకర్ కార్డు’ అంటారు. వారి లెక్కలో ఇది అతని రాక గురించి కాదు. అడిగే మనిషి తేల్చుకోకుండా వాయిదా వేస్తున్న నిర్ణయం గురించి.

గణితం మరో మాట చెబుతుంది. పేకలో 78 కార్డులుంటాయి. రోజుకు మూడు తీస్తే, అయిదు రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి కనబడే అవకాశం నూటికి 71. ఏదో ఒకటి మూడు రోజులు రావడం మాత్రం అరుదే, నూటికి నాలుగు.

ఈ లెక్క పేక బాగా కలిసినప్పుడే చెల్లుతుంది. టారో కార్డులు పెద్దవి కాబట్టి చాలామంది చేతిలోనే గుప్పెడు గుప్పెడుగా జార్చి కలుపుతారు. అలా కలిపితే నిన్నటి కార్డులు కలిసికట్టుగానే మిగిలిపోతాయి. కార్డులన్నీ బల్ల మీద బోర్లా పరిచి, రెండు చేతులతో బాగా కలియదిప్పాక అడిగితే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

అప్పటికీ అదే కార్డు వస్తే, అనుభవమున్నవాళ్లు ప్రశ్ననే మారుస్తారు: ‘అతను రాకపోతే నేనేం చేస్తాను?’