పెద్దది పడుకునేది, చిన్నోడు పడుకోడు

మావారికి సూరత్ బదిలీ అయినప్పటి నుంచి, లింబాయత్‌లోని ఒక పిల్లల వైద్యుడి దగ్గర వారానికి రెండు మధ్యాహ్నాలు తల్లులతో మాట్లాడే పని చేస్తున్నాను. నేను చదువుకున్నది పిల్లల మనస్తత్వ శాస్త్రం. అక్కడికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మరమగ్గాల పని కోసం వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు. వాళ్ల భాష వింటే నాకు సొంత ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది, మా ఊరు గోదావరి అవతలిదైనా సరే.

అక్కడ తరచుగా వినిపించే ప్రశ్న బ్యాంకు క్వార్టర్స్‌లోనూ వింటుంటాను. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే ఊయల. పెద్దపిల్ల ఎనిమిదింటికల్లా పడుకునేది. రెండోవాడు పదకొండైనా కళ్లు మూయడు, మూసినా రాత్రికి నాలుగుసార్లు లేస్తాడు. ఎందుకు? ఈ ప్రశ్న వెనకే మరొకటి ఉంటుంది. పైకి అనకపోయినా నాకు వినిపిస్తుంది: తప్పు నాదేనా?

ముందు ఒక సంగతి. రాత్రంతా లేవకుండా పడుకునే పసిపిల్ల అంటూ ఎవరూ ఉండరు. పెద్దవాళ్ల నిద్ర దాదాపు గంటన్నరకో చుట్టు తిరుగుతుంది. పసివాళ్లకు ఆ చుట్టు యాభై, అరవై నిమిషాలే. చుట్టు పూర్తయిన ప్రతిసారీ నిద్ర పలచబడి మెలకువ అంచుకు వస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో దాదాపు సగం కదిలే నిద్ర. అందులో కాళ్లూ చేతులూ ఆడతాయి, మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కనురెప్పల కింద గుడ్లు తిరుగుతాయి. చూసేవాళ్లకు లేచినట్టే ఉంటుంది.

1970లలో అమెరికాలో థామస్ ఆండర్స్ అనే పిల్లల మానసిక వైద్యుడు పసిపిల్లల ఇళ్లలోనే కెమెరాలు పెట్టి రాత్రంతా చిత్రీకరించాడు. ‘మా పాప తెల్లవార్లూ పడుకుంటుంది’ అని తల్లులు చెప్పిన పిల్లలు కూడా రాత్రి మధ్యలో మేలుకున్నారు. కాసేపు కళ్లు తెరిచి చూసి, వేలు చీకి, తమంతట తామే మళ్లీ నిద్రలోకి జారుకున్నారు. మిగతా పిల్లలు అలా లేచినప్పుడు ఏడ్చి పిలిచారు. అంటే మంచి నిద్ర అని మనం పేరు పెట్టినది చాలావరకు మనల్ని పిలవకపోవడమే. ఇద్దరూ లేస్తారు. ఒకరు చెబుతారు, ఒకరు చెప్పరు.

మరి ఎందుకు ఒకరు చెప్పి ఒకరు చెప్పరు? ఇక్కడే పుట్టుస్వభావం వస్తుంది. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే దంపతులు, ఇద్దరూ మానసిక వైద్యులే, 1956లో ఒక పరిశీలన మొదలుపెట్టారు. 133 మంది పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేవరకు వెంబడించారు. అప్పట్లో ఆ రంగంలో పిల్లవాడికి ఏ ఇబ్బంది వచ్చినా తల్లి పెంపకంలోనే మూలం వెతికేవారు. తల్లులను ఇలా దోషులుగా నిలబెట్టడాన్ని విమర్శిస్తూ 1964లో చెస్ ఒక సంపాదకీయమే రాసింది. పిల్లలు పుట్టిన కొద్ది నెలలకే ఒకరికొకరు ఎంత వేరుగా ఉంటారో ఆ దంపతులు తొమ్మిది లక్షణాలుగా విడదీసి చూపారు. ఆ పిల్లల్లో దాదాపు 40 శాతం సులువైనవాళ్లు, 10 శాతం కష్టమైనవాళ్లు, 15 శాతం మెల్లగా కుదురుకునేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ గదిలోనూ పూర్తిగా ఇమడలేదు. ఆ మిగిలినవాళ్లే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తారు, ఎందుకంటే మన పిల్లలు కూడా చాలావరకు అలాగే ఉంటారు.

తొమ్మిదింటిలో నిద్రకు ముఖ్యమైనవి మూడు. మొదటిది క్రమం. ఆకలి, నిద్ర కొందరికి గడియారం పెట్టినట్టు వస్తాయి, కొందరికి రోజుకో వేళకు వస్తాయి. రెండోది ఎంత చిన్న శబ్దానికి, వెలుతురుకు, తడికి కదులుతారన్నది. మూడోది స్పందన తీవ్రత. ఒకే మెలకువకు ఒకరు కుయ్యిమని ఊరుకుంటారు, మరొకరు గోడ అవతలివాళ్లను కూడా లేపుతారు. పెద్దపిల్లకు ఈ మూడూ అనుకూలంగా ఉంటే, తల్లి ఏం చేసినా ఆ పిల్ల పడుకునేది. అప్పుడు ఆ తల్లికి తన పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. రెండోవాడి దగ్గర అదే పద్ధతి పనిచేయకపోతే, తానే ఏదో మరిచిపోయాననుకుంటుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను. పేర్లు, ఆనవాళ్లు వద్దు. లింబాయత్‌లో ఒకే గది ఇల్లు, వెనక చిన్న వంట చోటు. భర్తకు మగ్గాల మీద పన్నెండు గంటల రాత్రి పాళీ, పగలు ఆ గదిలోనే నిద్ర. నాలుగేళ్ల కూతురు, ఏడు నెలల కొడుకు, అత్తగారు. పిల్లవాడు పగలు ఏడిస్తే భర్త నిద్ర చెడుతుంది. నిద్రలేని మనిషి రాత్రి తిరిగే యంత్రం ముందు నిలబడాలి. ఆ ఇంట్లో పసివాడి నిద్ర అంత పెద్ద విషయం. అత్తగారు నా ముందే అన్నారు: “పెద్దదానికి గిట్ల లేకుండె మేడం. దీనికి పిల్లగాన్ని పండవెట్టుడు వస్తలేదు.” కోడలు తల దించుకుంది తప్ప మాట్లాడలేదు.

నేను ఏ సలహా ఇవ్వకముందు ఏడు రోజులు లెక్క రాయమన్నాను. ఒక నోటుబుక్కు, రోజుకో పేజీ: ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, ఏడ్చాడా లేక కదిలాడంతేనా, మళ్లీ ఎలా పడుకున్నాడు. ఆమెకు రాత్రి రాయడం కష్టమైతే గోడ మీది క్యాలెండర్‌లో గీతలు పెట్టమన్నాను. వారం తర్వాత కూర్చుని కలిపాం. పగటి నిద్ర ఒకరోజు ఇరవై నిమిషాలు, మరోరోజు రెండు గంటలు. రాత్రి పడుకునే వేళ ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఎక్కడైనా. రాత్రికి ఐదు మెలకువలు. కానీ రోజు మొత్తం కూడితే సగటున పదమూడు గంటలు వచ్చింది. నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు కావాలంటారు. అంటే పిల్లవాడికి నిద్ర తక్కువ కాలేదు. ముక్కలైన నిద్ర తల్లిది. మమతా కార్డులో బరువు గీత కూడా చక్కగా పైకే వెళ్తోంది. పాలు చాలడం లేదన్న మాట ఆ కార్డుతో ఆగింది.

లెక్కలో మరొకటి తేలింది. ఐదు మెలకువల్లో రెండు నిజమైన మెలకువలు కావు. వాడు నిద్రలో మూలగగానే, అత్తగారు లేస్తారన్న భయంతో ఆమె క్షణంలో ఎత్తుకుంటోంది. ఎత్తుకోగానే వాడు నిజంగా లేస్తున్నాడు. అలాగే ఇక్కడివాళ్లు వాడే ఘోడియు, అంటే ఇనుప చట్రానికి వేలాడే గుడ్డ ఊయల, ఊగితేనే వాడు నిద్రలోకి పోతాడు. ఊపు ఆగిన గంటకు నిద్ర పలచబడి చూస్తే, తాను పడుకున్నప్పటి ఊపు లేదు. ఏడుస్తాడు. అక్క కూడా అదే ఊయలలో పెరిగింది, కానీ ఊపు ఆగినా దానికి పట్టేది కాదు. మగ్గాల చప్పుడులోనూ పడుకునే పిల్ల అది. వీడు గిన్నె మీద గరిట తగిలితే లేస్తాడు.

మార్చినవి కొన్నే. పొద్దున భర్త పాళీ నుంచి వచ్చే వేళకే పిల్లవాణ్ని లేపి, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టడం. క్రమం లేని పిల్లలకు పడుకునే వేళ కంటే లేచే వేళను నిలబెట్టడం సులువు. రాత్రి ఎనిమిది దాటాక ట్యూబ్‌లైటు తీసి చిన్న బల్బు వేయడం. గిన్నెలు పొద్దున తోమడం. ఊయలలో కళ్లు మూతలు పడుతుండగా ఆపి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడం, పక్కన దిండ్లు, దుప్పట్ల కుప్పలు లేకుండా. ఏడు నెలల పిల్లవాడు దొర్లుతాడు, కాబట్టి రాత్రంతా గుడ్డ ఊయలలో వదలడం ఎలాగూ మంచిది కాదు. మూలిగితే ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడడం. ఏడుపు అయితే వెంటనే వెళ్లడం. అన్నిటికంటే ముఖ్యం, తొమ్మిది నుంచి పన్నెండు దాకా అత్తగారి బాధ్యత, ఆ మూడు గంటలు కోడలికి ఏకధాటి నిద్ర. లెక్క పుస్తకం చూశాక అత్తగారే ఒప్పుకున్నారు.

మూడు వారాలకు ఐదు మెలకువలు మూడయ్యాయి. పడుకునే వేళ గంట తేడాలోకి వచ్చింది. పగటి నిద్ర మాత్రం మునుపటిలాగే ఇష్టారాజ్యం. అది మారలేదు, మారుతుందని నేను చెప్పనూ లేదు. స్వభావాన్ని మార్చలేం. దాని చుట్టూ ఇంటిని కొంచెం సర్దగలం.

ఈ సర్దుబాటునే థామస్, చెస్ పొంతన అన్నారు. వాళ్ల మరో పరిశీలన నాకు చాలా ఇష్టం. న్యూయార్క్‌లోనే ప్యూర్టోరికో నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలను చూశారు. అక్కడ పిల్లలు ఫలానా వేళకే పడుకోవాలన్న పట్టింపు లేదు. అందుకే చిన్నవయసులో నిద్ర సమస్య ఉందని తల్లిదండ్రులు దాదాపు ఎవరూ చెప్పలేదు. బడికి వెళ్లే వయసు వచ్చి పొద్దున్నే లేవాల్సి వచ్చాక అదే సమస్యగా బయటపడింది. పిల్లలు ఒక్కరోజులో మారిపోలేదు. వాళ్లను అడిగింది మారింది. మన ఇళ్లలో పొద్దున ఏడున్నరకు బడి బస్సు, పదింటికి కౌంటరు. మూడేళ్లకోసారి బదిలీ, అమ్మమ్మ, నాయనమ్మలు వెయ్యి కిలోమీటర్ల దూరం. ఊళ్లో ముగ్గురు చేతులు మారుస్తూ ఎత్తుకునే పిల్లవాడు కొత్త ఊరి ఫ్లాట్‌లో ఒక్క తల్లి చేతుల్లో కష్టమైన పిల్లవాడు అవుతాడు. ఆర్థిక సంవత్సరం చివర మార్చిలో తండ్రి రాత్రి పదింటికి ఇంటికొస్తే ఆ చేతులూ తగ్గుతాయి.

అలాగని ప్రతి నిద్రలేమినీ స్వభావం ఖాతాలో వేయకూడదు. స్వభావమైతే మొదటి నెలల నుంచీ ఉంటుంది, పగటి పూట బిడ్డ హుషారుగా ఉంటుంది, బరువు పెరుగుతుంది. నిన్నటిదాకా బాగా పడుకున్న బిడ్డ ఉన్నట్టుండి లేవడం మొదలుపెడితే చెవినొప్పి, జ్వరం చూడాలి. రోజూ గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పాలు తాగాక వాంతులు, గోకుతూ లేవడం, రక్తహీనత, బరువు ఆగిపోవడం, వీటిలో ఏది ఉన్నా వైద్యుడికి చూపించాలి. నిద్ర కోసం దగ్గు మందు చుక్కలు వేయమని ఎవరు చెప్పినా వేయకండి. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, రెండు వారాలకు పైగా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది వేరే సంగతి. అప్పుడు చూపించాల్సింది తల్లిని.

లింబాయత్ కోడలు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, టీకాల కోసం. వాడు ఇప్పుడు నడుస్తున్నాడు. క్లినిక్‌లో కూర్చోడు, ప్రతి తలుపూ తెరుస్తాడు. వెనకాలే పరుగెత్తేది అత్తగారు.