బోర్డు మీద ఒక పేరు, బిల్లు మీద ఇంకో పేరు

2023 దసరాకి ముందు మా ఇంట్లో వంటగది కొత్తగా చేయించుకున్నాం. ఒక పేరున్న బ్రాండు షోరూములో డిజైను చూసి, మూడు లక్షల అరవై వేలకు బేరం కుదుర్చుకుని, లక్షన్నర అడ్వాన్సు నెఫ్ట్‌లో పంపాను. పని పూర్తయ్యాక బిల్లు చేతికొచ్చింది. దాన్ని చూసి మా అత్తయ్యగారు, "కొన్నది ఆ కంపెనీ దగ్గర కదమ్మా, బిల్లు మీద ఈ ఫలానా ఇంటీరియర్స్ ఎవరు?" అని అడిగారు. "డీలరు పేరు అలాగే ఉంటుందిలెండి అత్తయ్యా" అని బీరువాలో పెట్టేశాను.

మరుసటి ఏడు వానాకాలం వచ్చేసరికి సింకు కింది తలుపులు ఉబ్బిపోయాయి. వరసగా ఎనిమిది తలుపులు మూతపడకుండా అయ్యాయి. షోరూముకు వెళితే అక్కడ చెప్పుల దుకాణం ఉంది. ఫోను ఎత్తేవాళ్ళు లేరు. కోపంతో బ్రాండు కంపెనీ ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. నలభై రోజులకు జవాబు వచ్చింది: "మీకు బిల్లు ఇచ్చింది మేము కాదు. మీ పనిలో వాడిన చెక్క కూడా మేము సరఫరా చేసింది కాదు."

మా పెద్దనాన్నగారి అబ్బాయి లాయరు. కాగితాలన్నీ చూసి ఒకే మాట అన్నాడు: "అక్కా, నువ్వు బోర్డుకి నోటీసు పంపావు. మనిషికి పంపలేదు."

బ్రాంచిలో కరెంటు ఖాతాలు తెరిచేటప్పుడు రోజూ చూసే విషయమే ఇది. ఇంటికి వచ్చేసరికి మరిచిపోయాను. నాలాగా మన కుటుంబాల్లో ఇంకొకరు నలభై రోజులు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

మూడు పేర్లు, మూడు పనులు

ఒక వ్యాపారానికి మూడు పేర్లు ఉండవచ్చు. మొదటిది చట్టబద్ధమైన పేరు, అంటే లీగల్ నేమ్. పాన్ కార్డు మీద ఉండేది ఇదే. అప్పు తీసుకునేది, పన్ను కట్టేది, కోర్టులో నిలబడేది ఈ పేరుతోనే. కంపెనీ అయితే రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న పేరు. సాధారణంగా దాని చివర లిమిటెడ్ అనో, ప్రైవేట్ లిమిటెడ్ అనో ఉంటుంది. మన ప్రభుత్వరంగ బ్యాంకుల పేర్లకు ఆ తోక ఎందుకు లేదని పిల్లలు అడుగుతుంటారు. ఇవి కంపెనీల చట్టం కింద కాకుండా పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టాల కింద ఏర్పడ్డాయి కాబట్టి లేదు. ఇక ఒక్కరే యజమానిగా నడిపే దుకాణానికి చట్టబద్ధమైన పేరు ఆ యజమాని సొంత పేరే. దుకాణం ఆ మనిషికి భిన్నమైన వేరే శాల్తీ ఏమీ కాదు.

రెండోది వ్యాపార పేరు, అంటే ట్రేడ్ నేమ్. ఊళ్ళో జనం పిలిచే పేరు, దుకాణం నడిచే పేరు. అమ్మవారి పేరు మీద ఒక ఎలక్ట్రికల్స్ ఉందనుకోండి, అది ట్రేడ్ నేమ్. దాని యజమాని పేరు పూర్తిగా వేరే ఉండవచ్చు. అదే పేరుతో పక్క వీధిలో ఇంకో దుకాణం కూడా ఉండవచ్చు.

మూడోది బ్రాండ్ పేరు. ఇది సరుకుకు లేదా సేవకు పెట్టిన పేరు. ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంటే దానికో హక్కుదారు ఉంటారు. ఆ హక్కుదారు తానే అమ్మవచ్చు, లేదా ఇంకొకరికి వాడుకోవడానికి అనుమతి ఇవ్వవచ్చు. అందుకే బోర్డు మీది బ్రాండును బట్టి అమ్మేది ఎవరో తెలియదు.

మనకు బాగా తెలిసినవే చూద్దాం. డీమార్ట్‌లో సరుకులు కొంటే బిల్లు మీద ఉండేది అవెన్యూ సూపర్‌మార్ట్స్ లిమిటెడ్. ఇండిగో విమానం ఎక్కితే ఆ టికెట్టు వెనక ఉన్న కంపెనీ ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ లిమిటెడ్. డీమార్ట్, ఇండిగో బ్రాండ్లు మాత్రమే. బ్రాండ్ అలాగే ఉండి కంపెనీ పేరు మారడమూ ఉంది. జొమాటో లిమిటెడ్ అనే కంపెనీ 2025లో ఎటర్నల్ లిమిటెడ్ అయింది. భోజనం తెప్పించుకునే యాప్ మాత్రం జొమాటోగానే ఉండిపోయింది.

బిల్లు మీద ఏ పేరు ఉండాలి?

జీఎస్టీ నిబంధనల్లో 46వది పన్ను బిల్లులో ఏమేమి ఉండాలో చెబుతుంది. అందులో మొట్టమొదటిది అమ్మినవారి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు. పేరు అని మాత్రమే ఉంది గానీ లీగల్ నేమా, ట్రేడ్ నేమా అని విడమర్చలేదు. అయితే అమ్మేది కంపెనీ అయితే ఇంకో చట్టం కూడా వర్తిస్తుంది. 2013 నాటి కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ తన అసలు పేరును, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాను, గుర్తింపు సంఖ్యను బిల్లు కాగితాల మీద అచ్చు వేయాలి. పేరు మార్చుకుంటే రెండేళ్ళ పాటు పాత పేరు కూడా పక్కన ఉండాలి. అందుకే కంపెనీ బిల్లు మీద పైన బ్రాండ్ ముద్ర ఎంత పెద్దదిగా ఉన్నా, ఎక్కడో ఒకచోట చిన్న అక్షరాల్లో లిమిటెడ్ పేరు కనబడుతుంది. మనం చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే.

సొంత యజమాని దుకాణాల దగ్గరే తికమక. వాళ్ళ బిల్లు మీద సాధారణంగా ట్రేడ్ నేమ్ ఒక్కటే ఉంటుంది. యజమాని పేరు ఉండదు. అది తప్పుడు బిల్లు అని అనుకోనక్కర్లేదు. దాని మీద ఉన్న జీఎస్టీ నంబరే మనల్ని అసలు మనిషి దగ్గరికి తీసుకెళుతుంది.

నంబరులోనే సగం కథ

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది అచ్చంగా ఆ వ్యాపారి పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం అది ఎవరిదో చెబుతుంది కాబట్టి, జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూస్తే చాలు. అక్కడ C ఉంటే కంపెనీ, F ఉంటే భాగస్వామ్య సంస్థ, H ఉంటే హిందూ అవిభక్త కుటుంబం, P ఉంటే ఒక వ్యక్తి.

నా బిల్లు తీసి చూశాను. మొదట 36, ఆరో అక్షరం P. అంటే మూడు లక్షల అరవై వేలు నేను ఇచ్చింది కంపెనీకి కాదు, హైదరాబాదులోని ఒక మనిషికి. ఆ మనిషి ఎవరు? ఇది తెలుసుకోవడానికి లాగిన్ అక్కర్లేదు. gst.gov.in లో Search Taxpayer నొక్కి, Search by GSTIN/UIN లో నంబరు కొట్టాను. Legal Name of Business దగ్గర ఒక వ్యక్తి పేరు వచ్చింది. Trade Name దగ్గర మా బిల్లు మీది ఇంటీరియర్స్ పేరు. Constitution of Business దగ్గర Proprietorship. బ్రాండ్ పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు.

అన్నిటికన్నా పనికొచ్చింది Principal Place of Business. షోరూము ఖాళీ చేశాక ఆయన తన వర్క్‌షాపు చిరునామాకు మార్పించుకున్నట్టున్నారు. బిల్లు మీద చెప్పుల దుకాణం చిరునామా ఉంటే, ఇక్కడ ఆయన ఇప్పుడు పనిచేస్తున్న చోటు ఉంది. GSTIN / UIN Status దగ్గర Active అని ఉంది. అక్కడ Cancelled అని ఉండి, రద్దయిన తేదీ తరువాత కూడా మనకు పన్ను వేసి బిల్లు ఇస్తే మాత్రం అనుమానించాల్సిందే.

రెండో నోటీసు ఇలా రాశాం: ముందు ఆయన పేరు, ఆ తరువాత 'ఫలానా ఇంటీరియర్స్ యజమాని' అని, కింద కొత్త చిరునామా. బిల్లు నంబరు, తేదీ వేసి, సమస్య సరిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతామని రాశాం. రెండు వారాల్లో ఆయనే ఫోను చేశారు. కొన్నాళ్ళు వాదించి, చివరికి సంక్రాంతి లోపు ఎనిమిది తలుపులూ మార్చి ఇచ్చారు.

ప్రతిసారీ బ్రాండు కంపెనీకి బాధ్యత లేదని దీని అర్థం కాదు. సరుకులోనే తయారీ లోపం ఉంటే తయారీదారు మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఉదాహరణకు ఫ్రిజ్ కంప్రెసర్ పోతే వారంటీ కార్డు మీద ఉన్న కంపెనీదే బాధ్యత. మా విషయంలో చెక్క ఎంపిక, అంచులకు పట్టీ అంటించడం, బిగించడం అన్నీ డీలరు పనులు. ఎవరి పనిలో లోపం ఉందో వాళ్ళ అసలు పేరు మీదే కాగితం వెళ్ళాలి.

డబ్బు పంపే ముందు

పేర్ల తేడా బిల్లు వచ్చాక తెలిస్తే ఆలస్యమే. అడ్వాన్సు ఇచ్చేముందే తెలిస్తే నయం. నేను నెఫ్ట్ పంపిన రోజుల్లో ఖాతా నంబరు కొట్టి, పేరు మనమే రాసుకునేవాళ్ళం. డబ్బు నంబరును బట్టే జమ అయ్యేది, మనం రాసిన పేరును ఎవరూ సరిచూసేవారు కాదు. రిజర్వ్ బ్యాంకు ఆదేశం మేరకు 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం వచ్చింది.

ఆ పేరును దేనితో పోల్చాలి? బ్రాండుతో కాదు. కొటేషన్ మీది జీఎస్టీ నంబరుతో పోర్టల్లో వచ్చిన లీగల్ నేమ్‌తోనో, ట్రేడ్ నేమ్‌తోనో పోల్చాలి. సొంత యజమాని దుకాణమైతే ఖాతా ఏ పేరు మీదైనా ఉండవచ్చు, రెండూ సరే. కంపెనీ అని చెప్పి ఒక వ్యక్తి ఖాతా నంబరు ఇచ్చినా, లేక రెంటికీ సంబంధం లేని మూడో పేరు కనబడినా, డబ్బు పంపడం ఆపి కారణం అడగండి. జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారి అయితే రసీదు మీద దుకాణం పేరు కింద యజమాని పేరు, సంతకం, చిరునామా రాయించుకోండి.

పేర్లన్నీ కలిసినంత మాత్రాన పని బాగుంటుందని హామీ లేదు. పని చెడినప్పుడు ఎవరిని అడగాలో మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద బిల్లు ఏది వచ్చినా, నేను పోర్టల్లో చూసి దాని వెనకాల పెన్సిలుతో అసలు పేరు రాసి బీరువాలో పెడుతున్నాను. మొన్న వాషింగ్ మెషీను కొన్నప్పుడు మా అత్తయ్యగారు బిల్లు తిప్పి చూసి, "ఈసారి మనిషి దొరికాడా?" అని అడిగారు.