పెళ్లి ఫోటోలో చెదిరిన మస్కారా: వేరే లేయర్‌పై సవరణ

ఇబ్రహీంపట్నంలో మే నెలలో తీసిన ఒక పెళ్లికూతురి ఫోటోను ఊహించండి. చెమటకు, హోమం పొగకు ఎడమ కంటి కింద మస్కారా చెదిరింది. బుగ్గపై మేకప్ ఒకచోట పసుపుగా, మరొకచోట ఎర్రగా ఉంది.

ఫోటోషాప్‌లో అసలు చిత్రంపై ఒక ఖాళీ లేయర్ చేర్చి, మోడ్‌ను Lighten చేయండి. ఈ మోడ్‌లో, మీరు వేసే రంగుకంటే ముదురుగా ఉన్న చోటే అది కనిపిస్తుంది. అంచు మెత్తగా ఉన్న బ్రష్‌కు Flow 10% పెట్టి, Alt నొక్కి మరక పక్కనే క్లిక్ చేసి రంగు తీసుకోండి. కంటి కింది చర్మం సాధారణంగా బుగ్గకంటే ముదురు కాబట్టి బుగ్గ రంగు పనికిరాదు. కనురెప్పల వెంట్రుకలను తాకితే అవి పాలిపోతాయి.

బుగ్గకు మరో లేయర్‌ను Color మోడ్‌లో వాడండి. వెలుగునీడలు మారకుండా రంగు మాత్రమే సరిపడుతుంది. మస్కారా దోషం నలుపే కనుక ఈ మోడ్‌తో పోదు.

100% సైజులో చూసినప్పుడు చర్మపు గరుకుదనం మాయమైతే ఆ లేయర్ Opacity తగ్గించండి. బుగ్గచుక్కా నల్లనిదే! పొరపాటున దానిపై రంగు పడితే, లేయర్‌పై అంతమేర ఎరేజర్‌తో తుడవండి. కింద చుక్క అలాగే ఉంటుంది. అందుకే ఫైలును PSDగా భద్రపరచండి.