వీర్యంలో రక్తం: రంగు చెప్పే సంగతి

మూత్రంలో రక్తం పడితే ఆ పూటే ఇంట్లో చెప్పే మగవాడు, వీర్యంలో ఎర్ర చార కనిపిస్తే వారాల తరబడి నోరు విప్పడు. భార్యకు చెబితే ఏమనుకుంటుందోనని బెరుకు. డాక్టరుకు చెబితే క్యాన్సర్ అంటాడేమోనని భయం. ఈలోగా బస్టాండు గోడ మీద గుప్తరోగాల ప్రకటన కంటపడుతుంది, లేదంటే మెడికల్ షాపులో ఐదు రోజుల మాత్రలు చేతికొస్తాయి. నిజానికి నలభై ఏళ్లలోపు వాళ్లలో ఇది చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. అలా తగ్గని కొద్దిమంది ఎవరో తేల్చుకోవడమే అసలు పని.

యూరాలజిస్టుల దగ్గరికి ఎక్కువగా వచ్చే తరహా మనిషిని ఒకరిని ఊహించుకుందాం. వయసు 34, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య కాన్పుకి పుట్టింటికి వెళ్లి నాలుగు నెలలైంది. ఒక రాత్రి స్ఖలనం తర్వాత చూసుకుంటే వీర్యం ఎర్రగా ఉంది. నొప్పి లేదు, మంట లేదు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూస్తే ఈసారి తుప్పు రంగు. వారం తర్వాత ఇంకా ముదురు గోధుమ రంగు, మధ్యలో నల్లటి పోగులు. ఎర్రగా ఉన్నప్పటికంటే ఇప్పుడే అతనికి ఎక్కువ దడ పుట్టింది. లోపలేదో కుళ్లిపోతోందనుకున్నాడు.

అతను భయపడాల్సింది రంగు మారినందుకు కాదు. వీర్యంలో వృషణాల నుంచి వచ్చే భాగం చాలా తక్కువ. మూడింట రెండు వంతుల దాకా మూత్రాశయం వెనక ఉండే రెండు వీర్యకోశాల నుంచి వస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రోస్టేట్ గ్రంథిది. ఈ కోశాల గోడల్లో సన్నటి రక్తనాళాలుంటాయి. వాటిలో ఒకటి చిట్లితే కారిన రక్తం వెంటనే బయటికి రాదు, కోశం మడతల్లో నిలిచిపోతుంది. ఒక స్ఖలనంతో కోశం పూర్తిగా ఖాళీ కాదు కాబట్టి, నిలిచిన రక్తం పాతబడి గోధుమ రంగుకు తిరిగి, విడతలు విడతలుగా వస్తూనే ఉంటుంది. అంటే రక్తస్రావం ఒక్కరోజులో ఆగిపోయినా, దాని జాడ కొన్ని వారాల పాటు కనిపించవచ్చు. ఎరుపు నుంచి గోధుమ రంగుకు, అక్కణ్నుంచి లేత పసుపుకు మారుతోందంటే సాధారణంగా తగ్గుముఖం పట్టినట్టే. పైగా ఒకసారి వచ్చే వీర్యం మామూలుగా ఒక చెంచాకు మించదు. అందులో ఒకటి రెండు చుక్కల రక్తం కలిసినా మొత్తం రంగెక్కి, చూసేవాళ్లకు బోలెడు రక్తం పోయినట్టే అనిపిస్తుంది.

అతను చివరికి యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాడు. "వేడి చేసిందేమోనండీ, రోజూ మజ్జిగ తాగుతున్నా" అన్నాడు. డాక్టరు మజ్జిగ మానమనలేదు గానీ, ప్రశ్నలు మాత్రం వరసగా వేశాడు. మూత్రం ఎర్రగా వచ్చిందా? మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం, నడుం కింద నొప్పి ఉన్నాయా? ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులేమైనా వాడుతున్నారా? ఈమధ్య వేసెక్టమీ గానీ, ప్రోస్టేట్ బయాప్సీ గానీ అయ్యాయా? ఈ రెండింటి తర్వాత కొన్ని వారాలు వీర్యంలో రక్తం కనిపించడం మామూలే. కొత్త వాళ్లతో సంబంధం ఉందా అనీ అడిగాడు. అది నిలదీయడానికి కాదు, క్లమీడియా, గనేరియా వంటి సుఖవ్యాధుల వల్ల మూత్రమార్గం వాచినా ఇలాగే రక్తం పడుతుంది. భార్యాభర్తలు కలిసి ఉండే ఇంట్లో అయితే ఇంకో ప్రశ్న కూడా వేసేవాడు: ఆ రక్తం అసలు ఎవరిది? ఒకసారి కండోమ్ వాడి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

తర్వాత బీపీ చూశాడు. అదుపు తప్పిన అధిక రక్తపోటు కూడా ఒక్కోసారి ఇందుకు కారణం. వృషణాలను చేత్తో తడిమి గడ్డలేమైనా ఉన్నాయేమో చూశాడు. కుర్రవాళ్లలో ఇది తప్పకుండా చెయ్యాల్సిన పరీక్ష, ఎందుకంటే వృషణ క్యాన్సర్ ఎక్కువగా కనిపించేది ఈ వయసులోనే. గ్లవ్ వేసుకుని మలద్వారం గుండా ప్రోస్టేట్‌ను ముట్టి చూశాడు. అరనిమిషం పని, చాలామంది సిగ్గుపడి వద్దనేది కూడా ఇదే. మూత్ర పరీక్షలో రక్తకణాలు గానీ చీము కణాలు గానీ లేవు. స్కానింగులేవీ రాయలేదు, మందులూ రాయలేదు. దీర్ఘకాలం విరామం తర్వాత ఇలా జరగడం ఉన్నదేనని చెప్పి, నెల తర్వాత రమ్మన్నాడు. స్ఖలనాన్ని ఆపుకోనక్కర్లేదని కూడా చెప్పాడు, కోశాల్లో నిలిచిన పాత రక్తం పోవాల్సింది ఆ దారినే కదా. ఆరో వారానికి రంగు మామూలైంది. కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు. ఈ సమస్యలో చాలామందికి అలా తేలకుండానే నయమైపోతుంది.

అందరి కథా ఇంత తేలిగ్గా ముగియదు. మంట, జ్వరం, స్ఖలన సమయంలో నొప్పి ఉంటే అది ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు మూత్రం కల్చర్ చేయించి తగిన యాంటీబయాటిక్ వాడాలి, అదీ చాలాసార్లు రెండు నుంచి నాలుగు వారాలు. మెడికల్ షాపు ఐదు రోజుల కోర్సుతో మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. మన దేశంలో ఇంకో చిక్కుంది. ప్రోస్టేట్‌కూ వీర్యకోశాలకూ క్షయ సోకవచ్చు. సాయంత్రం పూట సన్నజ్వరం, బరువు తగ్గడం, ఎన్నాళ్లయినా ఆగని రక్తం ఉంటే ఆ అనుమానం రావాలి. షాపుల్లో అడిగితే ఇచ్చే ఆఫ్లాక్సాసిన్ తరహా మాత్రలు క్షయ క్రిముల మీద కూడా కొంత పనిచేస్తాయి. అందుకే వాటిని అరకొరగా మింగితే జబ్బు నయం కాదు సరికదా, పరీక్షలో దొరక్కుండా దాక్కుంటుంది.

ఏ వయసులోనైనా మూత్రంలోనూ రక్తం కనిపించినా, వృషణంలో గడ్డ చేతికి తగిలినా, జ్వరంతో పాటు మూత్రం బిగుసుకున్నా ఆలస్యం చెయ్యకూడదు. ఇవేవీ లేకున్నా నెల దాటినా రంగు మారకపోయినా, తగ్గి మళ్లీ మళ్లీ వస్తున్నా మలద్వారం గుండా చేసే అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ అవసరం కావచ్చు. స్ఖలన నాళాన్ని నొక్కే నీటితిత్తులు, వీర్యకోశాల్లో చేరిన చిన్న రాళ్లు వాటిలోనే బయటపడతాయి.

నలభై దాటినవాళ్లు ఒక్కసారి కనిపించినా చూపించుకోవడం మేలు, తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే మరీను. ఈ వయసులోనూ చాలామందిలో క్యాన్సర్ ఉండదు, అయినా లేదని తేల్చుకోవాలి. దానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో చాలామంది తడబడేది ఒకచోట ఉంది. ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయిస్తే ఆ అంకె అమాంతం పెరిగి కనిపిస్తుంది, రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. వాపు తగ్గాక కనీసం ఆరు వారాలు ఆగి మళ్లీ చేయిస్తే అసలు అంకె తెలుస్తుంది. పరీక్షకు ముందు రెండు రోజులు స్ఖలనం లేకుండా చూసుకోవాలి, ఈ సంగతి ల్యాబులో ఎవరూ అడగరు.