ఈ మెసేజీ బ్యాంకుదేనా?

"అన్నా, ఇది బ్యాంకోళ్ళదేనా చూసి చెప్పు. నొక్కమంటావా, వద్దంటావా?"

షువైఖ్ పారిశ్రామిక వాడలో ఒక స్పేర్‌పార్టుల దుకాణంలో పనిచేసే తమ్ముడు వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ కింద ఉన్న మాటలివి. స్క్రీన్‌షాట్‌లో ఉన్నది అతని జీతం పడే బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజీ. సివిల్ ఐడీ గడువు తీరిపోయిందనీ, ఈరోజే వివరాలు సరిచేసుకోకపోతే కార్డు ఆగిపోతుందనీ అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి, కింద ఒక లింకు ఇచ్చారు. ఇలాంటి బొమ్మలు నాకు తరచూ వస్తుంటాయి. ఇందులో ఏ భాగాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ నమ్మకూడదో ఈసారి కాస్త తీరిగ్గా చూద్దాం.

ముందుగా అతను చూపించిన రుజువు సంగతి. "ఇంతకు ముందు జీతం పడిన మెసేజీలు కూడా ఇందులోనే ఉండాయి గదన్నా" అన్నాడు. నిజమే, స్క్రీన్‌షాట్‌లో పైన పోయిన నెల జీతం జమ అయిన మెసేజీ, దాని కింద ఏటీఎంలో డబ్బు తీసిన మెసేజీ, ఆ కిందనే ఈ కొత్తది, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. చాలామంది పడిపోయేది ఇక్కడే. మెసేజీ పైన కనిపించే బ్యాంకు పేరు ఫోను నంబరు లాంటిది కాదు. పంపేవాళ్ళు మెసేజీతో పాటు రాసి పంపే చిన్న అక్షరాల ముక్క, అంతే. మన ఫోను ఆ అక్షరాలు ఒకటేనా అని మాత్రమే చూసుకుని, ఒకటే అయితే పాత మెసేజీల కిందకి చేర్చేస్తుంది. ఉత్తరం కవరు మీద "ఫ్రమ్" దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు కదా, ఇదీ అలాంటిదే. టెలిఫోను కంపెనీలు తమ దారిలో వచ్చే దొంగపేర్లను ఆపే ప్రయత్నం చేస్తాయి. కానీ ఆ దారినే రాని మెసేజీలు కూడా ఉన్నాయి. కారులో చిన్న దొంగ టవరు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. చుట్టుపక్కల ఫోన్లు దాన్ని అసలు టవరు అనుకుని కాసేపు పాత 2జీ పద్ధతిలో దానికి తగులుకుంటాయి. ఆ కొద్ది సేపట్లో కావలసిన పేరుతో మెసేజీ దించేస్తారు. ఇలా బండ్లలో పరికరాలు పెట్టి బ్యాంకుల పేరుతో మెసేజీలు పంపుతున్నవాళ్ళను పట్టుకున్నట్టు 2025లో కువైట్ పోలీసులు ప్రకటించారు. ఆ మెసేజీ టెలిఫోను కంపెనీ గుండా రానే రాదు కాబట్టి అక్కడి జల్లెడ దానికి తగలదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సిమ్ సెట్టింగుల్లో 2జీని ఆపేసే మీట ఉంది, దాన్ని ఆపి ఉంచితే ఈ దారి చాలావరకు మూసుకుంటుంది.

కాబట్టి పేరు, పాత వరస, ఈ రెండూ దేనికీ సాక్ష్యం కావు.

ఇక విషయం. సివిల్ ఐడీ గడువు తీరితే ఖాతా ఆగిపోతుందనడం కువైట్‌లో అబద్ధం కాదు. నిజంగానే ఆపుతారు, ముందుగా చెబుతారు కూడా. వేలిముద్రల బయోమెట్రిక్ నమోదుకు విదేశీయులకు 2024 డిసెంబరు 31 వరకు గడువు ఇచ్చి, చేయించుకోని వాళ్ళ ఖాతాల మీద ఆంక్షలు పెట్టినప్పుడు బ్యాంకుల నుంచి నిజమైన హెచ్చరికలు వచ్చాయి. దొంగలు ఆ మాటలనే ఎత్తుకుంటారు. "బ్యాంకులు ఇలా బెదిరించవు", "తప్పుల తడకగా ఉంటే దొంగది" అన్న పాత సలహాలు ఇక్కడ పెద్దగా పనికిరావు. మా తమ్ముడి మెసేజీలో ఒక్క అక్షర దోషం లేదు. అయితే ఒక పరీక్ష ఉంది, దానికి మెసేజీతో పనే లేదు. సివిల్ ఐడీ గడువు కార్డు మీదే అచ్చయి ఉంటుంది, సహెల్ యాప్‌లోనూ కనిపిస్తుంది. చూడమన్నాను. ఇంకా ఏడు నెలలుంది. అక్కడికే సగం తేలిపోయింది. కానీ అతని స్నేహితుడెవరికో నిజంగానే గడువు దగ్గర పడి ఉంటే? వాళ్ళకోసం లింకు చదవడం రావాలి.

అసలు లింకును ఇక్కడ ఇవ్వడం మంచిది కాదు. బ్యాంకు పేరు మార్చి, చివర కూడా మార్చి దాని ఆకారం మాత్రం ఇస్తున్నాను. స్క్రీన్‌షాట్‌లో అది ఇలా రెండు వరసల్లో కనిపించింది.

```
https://abcbank.com.kw-
verify.example/civilid
```

మొదటి వరస చూడండి. బ్యాంకు పేరు, దాని తర్వాత కువైట్ చిరునామాలకు ఉండే `com.kw`. ఇంకేం కావాలి? వరస చివర ఉన్న చిన్న అడ్డగీతను ఎవరూ పట్టించుకోరు. పుస్తకాల్లో మాట పట్టకపోతే గీత పెట్టి కింది వరసలోకి విరుస్తారే, అలాంటిదే అనుకుంటాం. మోసమంతా ఆ గీతలో ఉంది. అది వరస విరిచినప్పుడు ఫోను పెట్టిన గీత కాదు, చిరునామాలో భాగం. ఫోను తెర ఇరుకుగా ఉండటంతో చిరునామా సరిగ్గా అక్కడ విరిగింది.

దీన్ని చదివే పద్ధతి ఒకటే. రెండు వరసలనూ కాగితం మీద ఒకే వరసగా రాసుకోండి. `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. దాని కుడివైపు ఉన్నదాన్ని, అంటే ఇక్కడ `civilid`ని, వదిలేయండి. అది ఆ ఇంట్లో గది పేరు లాంటిది, ఏమైనా పెట్టుకోవచ్చు. మిగిలిన దాన్ని కుడి నుంచి ఎడమకు, చుక్కల దగ్గర ఆగుతూ చదవండి. చివరి ముక్క `example`. దాని ముందు ముక్క `kw-verify`. ఈ రెండూ కలిసిందే ఇంటి యజమాని పేరు. అంటే ఈ చిరునామా `kw-verify.example` అని నమోదు చేసుకున్న వాళ్ళది. దానికి ఎడమ వైపున్న `abcbank`, `com` అనేవి ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు తగిలించుకున్న బోర్డులు. బ్యాంకుకి వాటితో సంబంధం లేదు. నిజంగా బ్యాంకుదే అయితే `kw` తర్వాత ఏటవాలు గీత ఉండాలి, లేదా అక్కడితో చిరునామా అయిపోవాలి.

అరబ్బీ వాక్యంలో లింకు ఉంటే ఇంకో చిన్న తికమక. చుట్టూ ఉన్న రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, లింకు మాత్రం ఎడమ నుంచి కుడికే ఉంటుంది. చిట్టచివరి చుక్కో, ఏటవాలు గీతో ఒక్కోసారి లింకుకి ఎడమ పక్కకు వెళ్ళి కూర్చుంటుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, దొంగతనానికి అది గుర్తు కాదు.

చూపులకు వింతగా ఉండటం కూడా గుర్తు కాదు. గల్ఫ్ బ్యాంకు అసలు చిరునామా `e-gulfbank.com`. మధ్యలో గీత ఉంది, చివర `kw` లేదు. పై చిరునామాతో పక్కపక్కన పెట్టి ఏది దొంగదో చెప్పమంటే చాలామంది దీన్నే చూపిస్తారు. నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్‌ది `nbk.com`. అందుకని చిరునామా "బ్యాంకులా ఉందా" అని చూడటం వల్ల లాభం లేదు. మీ కార్డు వెనకో, బ్యాంకు శాఖలో ఇచ్చిన కాగితం మీదో అచ్చయిన చిరునామాతో అక్షరం అక్షరం సరిపోయిందా అన్నదే చూడాలి.

ఇంకా అనుమానం తీరని వాళ్ళకు `lookup.icann.org` అనే చోటు ఉంది. అక్కడ యజమాని పేరు వరకు మాత్రమే, అంటే చివరి రెండు ముక్కలను మాత్రమే, టైపు చేస్తే ఆ చిరునామా ఎప్పుడు నమోదైందో చూపిస్తుంది. నేను వెతికితే మా తమ్ముడికి వచ్చినది రెండు రోజుల కిందట నమోదైంది. `.com` లాంటి వాటికి ఇది బాగా పనిచేస్తుంది. దేశాల చివరలున్న చాలా చిరునామాలకు వివరాలు రావు. రాలేదని దొంగది అనుకోకూడదు, పాతదని అసలుది అనీ అనుకోకూడదు.

మరి లింకు తెరిచి చూస్తే తేలిపోదా అని అడుగుతారు. తేలదు. ఆ పేజీ బ్యాంకు పేజీకి అచ్చు నకలు. తాళం గుర్తు కూడా ఉంటుంది. మధ్యలో మాటలు ఎవరూ వినకుండా చూడటమే ఆ తాళం పని, అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. కొందరు తెలివిగా కావాలని తప్పు సివిల్ ఐడీ నంబరు కొట్టి చూస్తారు. "తప్పు నంబరు" అని వస్తే, అసలు బ్యాంకే కాబట్టి పట్టేసింది అనుకుంటారు. ఆ పన్నెండు అంకెల్లో మొదటిది శతాబ్దం (1900లలో పుట్టినవాళ్ళకు 2, 2000 తర్వాత పుట్టినవాళ్ళకు 3), తర్వాతి ఆరు పుట్టిన తేదీ, చిట్టచివరిది మిగతా వాటి నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. ఆ లెక్క తెలిసిన ఏ పేజీ అయినా మీ ఊహా నంబరును కాదనగలదు. బ్యాంకు రికార్డులు చూడనక్కర్లేదు.

మనవాళ్ళకు కువైట్‌లో ఉన్న అసలు ఇబ్బంది నా దృష్టిలో ఇంకొకటి. ఇండియాలో అందరికీ నూరిపోసిన మాట "ఏటీఎం పిన్ ఆన్‌లైన్‌లో ఎక్కడా కొట్టవద్దు" అని. ఇక్కడ కెనెట్ చెల్లింపు పేజీ కార్డు నంబరు, గడువు తేదీలతో పాటు పిన్ కూడా అడగడం ఏళ్ళ తరబడి మామూలే. ఫోను రీచార్జికీ, అఖామా రుసుముకీ కొట్టీ కొట్టీ వేళ్ళకు అలవాటైపోయింది. దొంగ పేజీ పిన్ అడిగితే ఎవరికీ అనుమానం రాదు. అసలైన కెనెట్ పేజీ `kpay.com.kw` మీద ఉంటుంది. పైన చెప్పిన పద్ధతిలోనే కుడి నుంచి చదవండి. `com.kw` అనేది రెండు ముక్కలైనా ఒకే చివర కిందే లెక్క కాబట్టి, ఇక్కడ యజమాని పేరు దాని ముందున్న `kpay`. ఇక్కడ ఇంకో సంగతి కూడా గమనించాలి. వివరాలు సరిచేసుకోవడానికి చెల్లింపు పేజీ ఎందుకు?

చివరి మెట్టు ఓటీపీ. దొంగ పేజీలో మీరు వివరాలు కొట్టగానే అవతలివాళ్ళు అదే నిమిషంలో అసలు చోట వాటిని కొడతారు. మీ ఫోనుకు అప్పుడొచ్చే ఓటీపీ మెసేజీ నిజంగా బ్యాంకుదే. అందులో అంకెలతో పాటు అవి దేనికో కూడా చాలావరకు రాసి ఉంటుంది. ఇన్ని దీనార్లు ఫలానా దుకాణానికి అనో, ఈ కార్డును ఫలానా ఫోను వాలెట్‌లో చేర్చడానికి అనో ఉంటుంది. అంకెలు మాత్రమే చూసి పైనుంచి జారవిడుచుకోకుండా ఆ వాక్యం చదవాలి. సివిల్ ఐడీ సరిచేస్తున్నామని మీరనుకుంటుంటే 240 దీనార్ల మాట ఎందుకొచ్చింది? వాలెట్‌లో చేర్చడానికి అని ఉంటే ఇంకా ప్రమాదం. ఒక్క ఓటీపీతో మీ కార్డు వాళ్ళ ఫోనులోకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ప్రతి కొనుగోలుకీ మిమ్మల్ని అడగరు. పిన్ దాకా కొట్టేసి ఓటీపీ దగ్గర అనుమానం వచ్చి ఆగినవాళ్ళు కూడా వెంటనే యాప్‌లోనో, కార్డు వెనక నంబరుకు ఫోను చేసో కార్డు ఆపించాలి. వివరాలు అప్పటికే చేతులు మారాయి.

స్క్రీన్‌షాట్ పంపేవాళ్ళకు ఒక మనవి. బొమ్మలో ఉన్న లింకును నొక్కలేం కదా, ఎవరికి పంపినా పర్వాలేదనుకునే రోజులు పోయాయి. ఇప్పటి ఫోన్లు బొమ్మలోని అక్షరాలను చదివి లింకును నొక్కదగ్గట్టు చేసేస్తున్నాయి, గ్రూపులో పెడితే ఎవరో ఒకరు నొక్కుతారు. పైగా అదే బొమ్మలో పైన జీతం, మిగిలిన నిల్వ, కార్డు చివరి అంకెలు ఉంటాయి. వాటిని కత్తిరించి, కింది మెసేజీని మాత్రం లింకు మొత్తం కనబడేలా పంపండి. లింకు సగంలో తెగి ఉంటే నేనైనా చెప్పలేను. పొట్టి లింకులు, అంటే చిరునామాను కుదించి ఇచ్చేవి అయితే, మొత్తం కనబడినా అది ఎక్కడికి తీసుకెళ్తుందో బొమ్మలో ఉండదు. అప్పుడు మాత్రం బొమ్మ పక్కన పెట్టి బ్యాంకు యాప్ తెరిచి, ఆ సంగతి అక్కడుందో లేదో చూసుకోవడమే.